పడకగదిలో నైరుతి మూల ఒక్కటే: మంచానికా, బీరువాకా?

పడకగది వాస్తు గురించి ఎవరిని అడిగినా రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మంచం నైరుతి వైపు వేసుకుని దక్షిణానికి తల పెట్టుకోవాలి. బీరువా కూడా నైరుతిలోనే పెట్టి, తలుపులు ఉత్తరానికో తూర్పుకో తెరుచుకునేలా చూడాలి. విడివిడిగా చూస్తే రెండూ తేలికే. 10 అడుగుల వెడల్పున్న అపార్ట్‌మెంట్ గదిలో మాత్రం రెండూ ఒకే మూలకి పోటీపడతాయి. మంచాన్ని జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు, బీరువాని జరిపితే అది ఏ వాయవ్యంలోనో తేలుతుంది. పడకగదికి సంబంధించిన మిగతా వాస్తు సందేహాల్లో చాలావరకు ఈ ఒక్క ముడి విప్పాక వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకే ఇక్కడ దాన్నే పట్టుకుని, ఒక గదిని కొలతలతో సహా తీసుకుని మూడు అమరికల్లో చూద్దాం.

## ముందు ఏది వదులుకోకూడదో తేల్చుకోండి

అన్ని నియమాలూ సమానం అనుకుంటే చిన్న గదిలో ఏ అమరికా నెగ్గదు. సంప్రదాయంలోనే వీటికి పెద్దాచిన్నా ఉంది. అన్నిటికంటే గట్టిగా చెప్పేది తల ఏ దిక్కున పెట్టాలన్నది. తూర్పుకి తల పెడితే విద్య, దక్షిణానికి పెడితే ధనం, ఆయువు, పడమరకి పెడితే చింత, ఉత్తరానికి పెడితే హాని అని ఒక శ్లోకం చెబుతుంది. సొంత ఇంట్లో తూర్పు, అత్తారింట్లో దక్షిణం, ప్రయాణంలో ఉన్నప్పుడు పడమర, ఉత్తరం మాత్రం ఎప్పుడూ వద్దు అని ఇంకో శ్లోకం. ఒక పండితుడు దక్షిణమే ఉత్తమం అంటే, ఇంకొకరు తూర్పు అనడానికి కారణం ఇదే. ఇద్దరూ తప్పు చెప్పట్లేదు. రెండిట్లోనూ కలిసే విషయం ఉత్తరం వద్దన్నది. కాబట్టి దక్షిణం, తూర్పు రెండూ మంచి ఎంపికలే, పడమర సర్దుబాటు, ఉత్తరం మాత్రం వద్దు.

ఉత్తరానికి తల పెడితే రక్తంలోని ఇనుముని భూమి అయస్కాంతం లాగేస్తుందన్న వివరణ తరచూ వినిపిస్తుంది. అది నిలబడదు. రక్తంలోని ఇనుము మేకులా అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. భూమి కంటే వేల రెట్లు బలమైన ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకున్నా రక్తం ఒక పక్కకి పోగుపడదు. నియమాన్ని పాటించాలనుకుంటే సంప్రదాయంగా పాటించవచ్చు, దానికి ఈ సాకు అక్కర్లేదు.

రెండోది బీరువా. ఇందులో అసలు పట్టింపు డబ్బు, నగలు ఉండే బీరువా గురించి. అది నైరుతిలో ఉండి ఉత్తరానికి, అంటే కుబేరుడి దిక్కుకి, లేదా తూర్పుకి తెరుచుకోవాలి. దక్షిణానికి తెరుచుకోకూడదంటారు. బట్టలు, దుప్పట్లు ఉండే అలమరకి ఇంత పట్టింపు లేదు. ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత చాలా పనికొస్తుంది.

మూడోది బరువు ఎటు, ఖాళీ ఎటు అన్నది. దక్షిణం, పడమర బరువుగా ఉండాలి, ఈశాన్యం వీలైనంత ఖాళీగా ఉండాలి. అద్దం మంచానికి ఎదురుగా రాకూడదు, పాదాలు నేరుగా గుమ్మం వైపు ఉండకూడదు, తల మీదకి దూలం రాకూడదు అనేవి దీని తర్వాత వస్తాయి. వీటిలో చాలావాటికి ఒక తెరతోనో, కొన్ని అంగుళాల జరుపుతోనో పరిష్కారం దొరుకుతుంది. తల దిక్కుకి అలాంటి దారి లేదు.

ఇక గది పెట్టే షరతులు. మంచం పక్కన మనిషి మామూలుగా నడవడానికి 24 అంగుళాలు కావాలి. 18 అంగుళాల్లో ఒక్కరు ఒద్దికగా నడిచి మంచం ఎక్కవచ్చు గానీ దుప్పటి మార్చడానికి చిరాకు. బీరువా ముందు నిలబడి, తలుపు తెరిచి, వంగి కింది అర చూడాలంటే 28 నుంచి 30 అంగుళాలు ఉండాలి. గది తలుపు రెక్క తిరిగే మేర పూర్తిగా ఖాళీగా ఉండాలి. తలుపు మంచానికి తగులుతూ సగమే తెరుచుకునే గదికి ఎంత వాస్తు ఉన్నా రోజూ విసుగే.

## దిక్కు, కొలత

ఫోన్‌లో దిక్సూచి తెరిచి బీరువా పక్కన నిలబడి చూస్తే అది చెప్పేది ఉత్తరం కాదు, బీరువా ఉన్న వైపు. స్టీలు సామాను, గోడల్లోని ఇనుప చువ్వలు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు, అన్నీ సూదిని తిప్పేస్తాయి. కవరు తీసేసి, గది మధ్యలో నడుము ఎత్తున ఫోన్‌ని చదునుగా పట్టుకుని చూడండి. తర్వాత హాల్లోనూ బాల్కనీలోనూ చూడండి. మూడు చోట్లా దాదాపు ఒకే సంఖ్య వస్తేనే నమ్మండి. మన తెలుగు ప్రాంతాల్లో సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కట్టడమే 10, 15 డిగ్రీలు తిరిగి ఉంటే దగ్గరగా ఉన్న దిక్కునే ఆ గోడ దిక్కుగా తీసుకుని మంచాన్ని గోడకి సమాంతరంగానే వేయండి. దిక్కు సరిగ్గా కుదరాలని మంచాన్ని ఐమూలగా వేస్తే గదిలో నాలుగు పక్కలా పనికిరాని ముక్కోణాలు మిగులుతాయి.

కొలత విషయంలో జరిగే పొరపాటు ఒక్కటే: పరుపు కొలతని మంచం కొలత అనుకోవడం. క్వీన్ సైజు పరుపు 60 × 78 అంగుళాలు. మంచం చెక్క, తలవైపు పలక కలిపితే బయటి కొలత 64 × 82 అవుతుంది. తలవైపు అరలున్న మోడల్ అయితే పొడవు ఇంకో 8 నుంచి 12 అంగుళాలు పెరుగుతుంది. దుకాణంలో బయటి కొలత ఎంతో అడిగి రాయించుకోండి. గదిని కూడా బ్రోచర్‌లో చూసి కాకుండా, టేపుతో గోడ నుంచి గోడకి, నేల దగ్గరే కొలవండి. కింద స్కర్టింగ్ రాయి అర అంగుళం వరకు ముందుకి వచ్చి ఉంటుంది.

## మనం తీసుకునే గది

తూర్పు పడమరలు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. ఉత్తర దక్షిణాలు 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. ఫ్లాట్‌లో నైరుతి మూలన ఉన్న పెద్ద పడకగది, కాబట్టి దక్షిణ గోడ, పడమర గోడ రెండూ బయటి గోడలు. గుమ్మం తూర్పు గోడకి ఉత్తరం చివర ఉంది. తూర్పు ఈశాన్యం కాబట్టి ఉచ్చస్థానం, బిల్డర్లు సాధారణంగా ఇక్కడే పెడతారు. తలుపు రెక్క 36 అంగుళాలు, లోపలికి తెరుచుకుని ఉత్తర గోడకి ఆనుతుంది. బాత్రూమ్ తలుపు ఉత్తర గోడకి పడమర చివర ఉంది, అది బాత్రూమ్ లోపలికి తెరుచుకుంటుంది. పడమర గోడ మధ్యలో 4 అడుగుల కిటికీ ఉంది. దానికి దక్షిణంగా, నైరుతి మూల దాకా, 48 అంగుళాల గోడ ఖాళీగా ఉంది.

ఇందులో క్వీన్ మంచం, బీరువా పట్టించాలి. ఉత్తరానికి తల పెట్టే అమరికని ముందే పక్కన పెడదాం. శాస్త్రం ఒప్పుకోదు, పైగా ఈ గదిలో అటువైపే బాత్రూమ్ గోడ, రెండు తలుపుల దారి ఉన్నాయి.

## మొదటి అమరిక: దక్షిణానికి తల

మంచం తల దక్షిణ గోడకి ఆనుతుంది. 144 అంగుళాల పొడవులో మంచం 82 తీసుకుంటే పాదాల వైపు 62 అంగుళాలు మిగులుతాయి. గుమ్మం, బాత్రూమ్ దారి, ఈశాన్యం అన్నీ ఖాళీ. చిక్కంతా వెడల్పులోనే ఉంది.

చాలామంది ముందు ఆలోచించేది బీరువాని పడమర గోడకి పెట్టడం. కిటికీ దాకా ఉన్న 48 అంగుళాల్లో 4 అడుగుల వార్డ్‌రోబ్ సరిగ్గా కూర్చుంటుంది. నైరుతి మూలే, తూర్పుకి తెరుచుకుంటుంది, పండితుడికి అభ్యంతరం ఉండదు. ఇప్పుడు లెక్క చూడండి. 120లో వార్డ్‌రోబ్ లోతు 24, మంచం 64 తీసేస్తే మిగిలేది 32. వార్డ్‌రోబ్ తెరవడానికి 28 వదిలితే రెండో పక్క 4 అంగుళాలు. అంటే మంచం తూర్పు గోడకి అతుక్కుపోతుంది. గోడ వైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్లని దాటుకుని రావాలి. పైగా నైరుతిలో ఉండాల్సిన మంచం ఆగ్నేయం వైపు జరిగిపోయింది. స్లైడింగ్ తలుపులు పెడితే చోటు కలిసొస్తుందనుకుంటారు. రెక్క బయటికి రాదన్నది నిజమేగానీ, పట్టాల కోసం లోతు 26, 27 అంగుళాలు అవుతుంది, ముందు మనిషి నిలబడే చోటు ఎలాగూ కావాలి. ఈ గదిలో దానివల్ల మిగిలేది రెండు మూడు అంగుళాలే.

ఇదే అమరికలో బీరువాని 90 డిగ్రీలు తిప్పి, మంచం తల ఆనుకున్న దక్షిణ గోడకే పెడితే కథ మారిపోతుంది. మామూలు స్టీలు బీరువా 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. దాన్ని నైరుతి మూలలో, వీపు దక్షిణ గోడకి పెడితే తలుపులు ఉత్తరానికి తెరుచుకుంటాయి. దాని పక్కనే, పడమర గోడ నుంచి 39 అంగుళాల దూరంలో మంచం మొదలవుతుంది. మంచానికి 64 పోగా తూర్పు వైపు 17 మిగులుతుంది. బీరువా ముందు 39 అంగుళాల దారి గది పొడవునా ఖాళీ, కిటికీ దాకా అడ్డం లేదు. తల దక్షిణానికి, బీరువా నైరుతిలో, తెరుచుకునేది ఉత్తరానికి, ఈశాన్యం ఖాళీ. మంచం గది మధ్య దక్షిణంలో ఉంటుంది. పోటీపడిన రెండు నియమాలూ ఒకే గోడ మీద నెరవేరాయి.

లోపాలూ ఉన్నాయి. మంచం వైపున్న బీరువా రెక్క 90 డిగ్రీలే తెరుచుకుంటుంది, ఆ పైన మంచానికి తగులుతుంది. అందుకే కనీసం ఒక అంగుళం ఎడం వదలాలి. ఆ పక్కన పడుకునేవాళ్లకి తల దగ్గర చిన్న టేబుల్ రాదు, ఫోన్ పెట్టుకోవడానికి గోడ అర కూడా కుదరదు. తూర్పు వైపు 17 అంగుళాలు ఒక్కరు నడవడానికే సరిపోతాయి. అసలు పెద్ద లోపం నిల్వ చోటు: 3 అడుగుల బీరువా ఇద్దరి బట్టలకి చాలదు. దీనికి మార్గం పైన చెప్పిన తేడాలోనే ఉంది. డబ్బు, నగలు, పత్రాలు నైరుతి బీరువాలో ఉంచి, బట్టలకి ఉత్తర గోడ మీద రెండు తలుపుల మధ్య తక్కువ ఎత్తు అలమర పెట్టుకోవచ్చు. బాత్రూమ్ దారికీ, తెరిచిన గది తలుపు అంచుకీ మధ్య దాదాపు 44 అంగుళాలు దొరుకుతాయి. అది దక్షిణానికి తెరుచుకుంటుంది, కాబట్టి అందులో డబ్బు పెట్టవద్దు. ఎత్తు 4 అడుగులు దాటనివ్వకండి, ఉత్తరం బరువెక్కకూడదన్న మాట కూడా కొంత నిలుస్తుంది.

## రెండో అమరిక: తూర్పుకి తల

చదువుకునే పిల్లలున్న ఇంట్లో, తూర్పే ఉత్తమం అని నమ్మేవాళ్ల ఇంట్లో దీన్నే కోరుకుంటారు. మంచం తల తూర్పు గోడకి, పాదాలు కిటికీ వైపు. 120లో 82 పోతే పాదాల వైపు 38 అంగుళాలు.

వార్డ్‌రోబ్‌ని పడమర గోడకి పెట్టే ఆలోచన ఇక్కడ పనికిరాదు. 38లో 24 పోతే మిగిలేది 14. దక్షిణ గోడ పొడవునా పెడదామంటే గుమ్మం అడ్డొస్తుంది. గుమ్మం తూర్పు గోడలోనే ఉంది, చట్రంతో కలిపి ఉత్తరం చివర 42 అంగుళాలు తీసుకుంటుంది, కాబట్టి మంచం దక్షిణ గోడ నుంచి 102 అంగుళాల లోపలే ముగియాలి. అందులోంచి వార్డ్‌రోబ్ 24, మంచం 64 తీసేస్తే మధ్యలో 14 అంగుళాలే మిగులుతాయి. తలుపు తెరవలేరు. 48 అంగుళాల పరుపు, అంటే 52 బయటి కొలత ఉన్న మంచమైతే 26 వస్తుంది, 18 అంగుళాల రెక్కలతో నడిపించుకోవచ్చు. ఒక్కరు పడుకునే గది అయితే ఇది చక్కని పరిష్కారం. తూర్పు తల, దక్షిణ గోడ నిండా ఉత్తరానికి తెరుచుకునే వార్డ్‌రోబ్, వంక పెట్టడానికేమీ లేదు.

క్వీన్ మంచమే కావాలంటే మళ్లీ 3 అడుగుల స్టీలు బీరువా నైరుతి మూలలోకి రావాలి. 36 అంగుళాల బీరువా 38 అంగుళాల సందులో పడుతుంది, ముందు దారి కూడా దొరుకుతుంది. కానీ దక్షిణం వైపు పడుకునేవాళ్లు తమ పక్కకి వెళ్లాలంటే బీరువా మూలకీ మంచం మూలకీ మధ్యనుంచి దూరాలి. మంచాన్ని గుమ్మం అంచుదాకా జరిపినా అక్కడ 19 అంగుళాలే ఉంటాయి. పరుపు పొడవు 78 బదులు 75 తీసుకుంటే పాదాల వైపు ఇంకో 3 అంగుళాలు వస్తాయి. ఆరడుగుల మనిషికి మాత్రం 75 చాలదు.

కాగితం మీద కనపడని ఇబ్బంది ఇంకొకటి ఉంది. గది స్విచ్‌బోర్డు గుమ్మం పక్కనే, తలుపు గడియ వైపు ఉంటుంది. ఈ గదిలో అది సరిగ్గా మంచం తల పలక వచ్చే చోటు. పలక మూడున్నర అడుగుల ఎత్తు దాటితే బోర్డు దాని వెనక్కి పోయే ప్రమాదం ఉంది. మంచం కొనేముందు నేల నుంచి బోర్డు అడుగుకి ఎత్తు కొలిచి ఆలోపు పలక తీసుకోండి. తర్వాత బోర్డు జరపాలంటే గోడ కొట్టి పైపు వేయాలి, మళ్లీ ప్లాస్టరింగ్, మళ్లీ రంగు. ఇంకా, తూర్పు గోడ అవతల హాలు. లోపలి గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలవే. అటువైపు టీవీ తగిలించి ఉంటే చప్పుడు తల దగ్గరే వినిపిస్తుంది.

## మూడో అమరిక: పడమరకి తల

గదిని మాత్రమే చూసి డిజైన్ చేసేవాళ్లు సాధారణంగా ఇదే గీస్తారు, అందుకు కారణం ఉంది. దక్షిణ గోడ మొత్తం, 10 అడుగులూ, వార్డ్‌రోబ్. దాని ముందు 30 అంగుళాలు. తర్వాత మంచం, పడమర గోడకి తల. అవతల 26 అంగుళాలు, పాదాల వైపు 38. గది తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. మూడిట్లోకీ నడవడానికి, సర్దుకోవడానికి ఇదే సుఖం, నిల్వ చోటు మొదటిదానికి మూడు రెట్లు.

వాస్తు ప్రకారం వార్డ్‌రోబ్‌కి నూటికి నూరు మార్కులే: దక్షిణ నైరుతి బరువు, ఉత్తరానికి తెరుచుకోవడం. తల మాత్రం పడమరకి. కొందరు పండితులు దీన్ని మధ్యమంగా ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఇది కాక రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, పాదాలు తూర్పుకి, గుమ్మమూ తూర్పు గోడలోనే. మంచం ఉత్తరం అంచు గుమ్మానికి ఎదురుగా 16 అంగుళాల మేర పడుతుంది. వార్డ్‌రోబ్ ముందు 30కి బదులు 28 వదిలితే అది 14కి తగ్గుతుంది, పూర్తిగా పోదు. పాదాల వైపు ఎత్తు పలక ఉన్న మంచమో, గుమ్మానికి తెరో పెట్టుకుంటారు. రెండోది వేడి. పడమర గోడకి మధ్యాహ్నం నుంచి పడిన ఎండ ఇటుకలో నిలిచి, మనం పడుకునే వేళకి లోపలికి దిగుతుంది. వేసవిలో తల పలక ముట్టుకుంటేనే తెలుస్తుంది. కిటికీ కూడా తల మీదే ఉంటుంది కాబట్టి గాలివాన వచ్చిన రాత్రి ముందు తడిసేది తలగడే. ఎండ పడే గోడకి బయట సజ్జ గానీ చెట్టు గానీ లేకపోతే ఈ అమరిక తీసుకునేముందు ఒక వేసవి సాయంత్రం ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి.

వార్డ్‌రోబ్ రెక్కకి నిలువుటద్దం పెట్టించాలనుకుంటే ఇక్కడ అది మంచాన్ని పూర్తిగా చూపిస్తుంది. రెక్క లోపలి వైపు పెట్టించుకుంటే ఆ గొడవ ఉండదు, ఖర్చూ పెరగదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | దక్షిణ తల, బీరువా పక్కనే | తూర్పు తల, క్వీన్ మంచం | పడమర తల |
|---|---|---|---|
| తల దిక్కు | ఉత్తమం | ఉత్తమం | సర్దుబాటు |
| బీరువా చోటు, తెరుచుకునే దిక్కు | నైరుతి, ఉత్తరానికి | నైరుతి, ఉత్తరానికి | దక్షిణ గోడంతా, ఉత్తరానికి |
| నిల్వ వెడల్పు | 3 అడుగులు, ఉత్తరాన చిన్న అలమర | 3 అడుగులు | 10 అడుగులు |
| మంచానికి రెండు పక్కలా ఎడం | 39, 17 అంగుళాలు | ఒక పక్క దారి 19 అంగుళాల ఇరుకు | 30, 26 అంగుళాలు |
| పాదాల వైపు ఎడం | 62 అంగుళాలు | 38 అంగుళాలు | 38 అంగుళాలు |
| ముందే చూసుకోవాల్సింది | తూర్పు పక్క ఇరుకు | స్విచ్‌బోర్డు, హాలు చప్పుడు | పడమర ఎండ, గుమ్మానికి ఎదురు |

## ఎవరికి ఏది

ఇద్దరు పడుకునే గది, తల దిక్కు విషయంలో ఇంట్లో రాజీ లేదు అనుకుంటే దక్షిణ తల, పక్కనే బీరువా. నా లెక్కలో ఈ గదికి ఇదే మొదటి ఎంపిక. నిల్వ సమస్యని అటకతోనూ ఉత్తరపు చిన్న అలమరతోనూ తీర్చుకోవచ్చుగానీ, రోజూ పడుకునే దిక్కు గురించి మనసులో ముల్లు ఉంటే అది ఎక్కడికీ పోదు. అటక దక్షిణ గోడకి వేస్తే అది తల మీదకి వస్తుంది. ఈ అమరికలో దాన్ని పడమర గోడకి, కిటికీ పైన వేయించండి.

పెద్దవాళ్ల గదికి లెక్క వేరు. రాత్రి రెండు మూడుసార్లు లేచే మనిషికి మంచం దిగే పక్క 30 అంగుళాలైనా ఉండాలి, బాత్రూమ్ దారిలో మలుపు ఉండకూడదు. దక్షిణ తల అమరికలో పడమర వైపు పడుకున్నవాళ్లకి 39 అంగుళాల దారి తిన్నగా బాత్రూమ్ తలుపుకి చేరుతుంది. తరచుగా లేచేవాళ్లకి ఆ పక్క ఇవ్వండి. వాకర్ వాడుతుంటే 17 అంగుళాల పక్క పూర్తిగా మర్చిపోవాల్సిందే. ఇద్దరికీ అవసరమైతే క్వీన్ మానేసి 48 అంగుళాల పరుపు వేస్తే తూర్పు వైపు 29 అంగుళాలు వస్తాయి. ఇద్దరికి ఇరుకే, కానీ పడిపోవడం కంటే నయం.

చదువుకునే ఒక్కరి గది అయితే తూర్పు తల, 48 అంగుళాల పరుపు, దక్షిణ గోడ నిండా వార్డ్‌రోబ్. చదువుకునే బల్ల ఉత్తర గోడకి వేస్తే ఉత్తరానికి ముఖం పెట్టి కూర్చుంటారు, అదీ సంప్రదాయానికి సరిపోతుంది.

అద్దె ఇల్లయితే గోడకి బిగించే వార్డ్‌రోబ్ జోలికే వెళ్లకండి. స్టీలు బీరువా, విడదీసి తీసుకెళ్లగల మంచం ఉంటే ఇంకో ఇంట్లో గుమ్మం వేరే వైపు ఉన్నా మళ్లీ సర్దుకోవచ్చు. ఇప్పటికే దక్షిణ గోడ నిండా వార్డ్‌రోబ్ ఉన్న ఫ్లాట్ దొరికితే, ఇద్దరు ఉండేట్టయితే, పడమర తల అమరికే వాళ్లకి మిగిలింది. దాన్ని పగలగొట్టించే బదులు వేడి సంగతి చూసుకుని ఒప్పుకోవడమే తెలివైన పని.

## కొనేముందు చేయాల్సిన రెండు పనులు

పాత వార్తాపత్రికలని మంచం బయటి కొలతకి, బీరువా కొలతకి అతికించి నేల మీద పరచండి. తలుపు తెరిచి మూయండి. బీరువా ఉండే చోటు ముందు కూర్చుని కింది అర వెతుకుతున్నట్టు వంగండి. రాత్రి దీపం ఆర్పి బాత్రూమ్‌కి నడవండి. ఒక రోజు అలాగే ఉంచితే ఏ మూల ఇరుకో కాళ్లే చెప్తాయి. బాక్స్ మంచం కొంటుంటే ఇంకో లెక్క ఉంది. పక్కకి లాగే సొరుగులకి 20 అంగుళాల పైన ఎడం కావాలి, 17 అంగుళాల పక్క వాటిని పెట్టించుకుంటే అవి జన్మలో పూర్తిగా తెరుచుకోవు. పైకి లేచే హైడ్రాలిక్ రకం తీసుకోండి. అది లేచేటప్పుడు పైన ఫ్యాన్, వెనక తల పలక మీది అర అడ్డం రాకుండా చూసుకోండి.

రెండోది నైరుతి గోడ తడి. ఫ్లాట్ నైరుతి మూల రెండు పక్కలా బయటి గోడలే, మన వానాకాలపు గాలి వచ్చేదీ అటునుంచే. బీరువా పెట్టాక ఆ గోడ మళ్లీ కనిపించదు కాబట్టి ముందే చూడాలి. వానలు పడిన వారంలో గోడ అడుగున రంగు ఉబ్బిందా, తెల్లటి ఉప్పు పొడి రాలుతోందా, వేలితో తట్టితే ప్లాస్టరింగ్ డొల్లగా మోగుతోందా చూడండి. ఇవేవైనా ఉంటే ముందు బయటినుంచి పగుళ్లు పూడ్పించి, గోడ పూర్తిగా ఆరాకే సామాను పెట్టండి. లోపలివైపు మాత్రమే రంగు వేస్తే ఆ నెమ్ము మళ్లీ బయటికొస్తుంది. గోడ పొడిగా ఉన్నా బీరువా వీపుకీ గోడకీ మధ్య 2 అంగుళాలు వదలండి. పైన లెక్కల్లో ఈ 2 అంగుళాలు కలపలేదు. దక్షిణ గోడకి పెట్టిన స్టీలు బీరువాకి 19 బదులు 21 అనుకోండి. మొదటి అమరికలో దానివల్ల నడిచే దారి తగ్గదు. రెండో అమరికలో మాత్రం 19 అంగుళాల ఇరుకు 17 అవుతుంది. వార్డ్‌రోబ్ అయితే వీపు ప్లైవుడ్‌ని నేరుగా గోడకి బిగించకుండా మధ్యలో చెక్క పట్టీలు వేయమని కార్పెంటర్‌కి ముందే చెప్పండి. బిగించాక అడిగితే మొత్తం విప్పాల్సి వస్తుంది.